నాన్న బైపాస్‌కు బీమా రాలేదా? కూతురు రాయాల్సిన లేఖ

గుండె ఆపరేషన్ క్లెయిమ్ తిరస్కరించే లేఖలు చాలావరకు ఒకే మాట చెబుతాయి: పాలసీ తీసుకునే నాటికే జబ్బు ఉంది, మీరు చెప్పలేదు. నాన్న ఇంకా ఛాతీకి కట్టుతో మంచం మీద ఉంటారు. జవాబు రాయాల్సింది కూతురు. అలాంటప్పుడు రాసే లేఖల్లో బాధ ఎక్కువగా, రుజువు తక్కువగా ఉంటుంది. 'ఇరవై ఏళ్లు కష్టపడి దాచుకున్న డబ్బు, దయచేసి పునఃపరిశీలించండి' అన్న మాటలో అబద్ధమేమీ లేదు. కానీ చదివే అధికారి దయ చూపించి డబ్బు ఇవ్వలేడు. తన నిర్ణయం ఫలానా నిబంధన ప్రకారం తప్పని కాగితంలో కనిపిస్తేనే దాన్ని మార్చగలడు.

ఒక కేసు ఊహించుకుందాం. నాన్నకు 63 ఏళ్లు. 2018 ఆగస్టులో ఒక కంపెనీలో 5 లక్షల ఆరోగ్య పాలసీ తీసుకున్నారు. 2022 ఆగస్టులో దాన్ని మరో కంపెనీకి పోర్ట్ చేసి, 10 లక్షలకు పెంచుకున్నారు. అప్పుడు కొత్త కంపెనీయే వైద్య పరీక్షలు చేయించింది. బీపీ 128/82 వచ్చింది, ఈసీజీ మామూలుగా ఉంది. ఆ ఏడాది నవంబరులో ఫ్యామిలీ డాక్టరు తొలిసారి బీపీ మాత్ర రాశారు. 2025 ఫిబ్రవరిలో ఛాతీ నొప్పి వచ్చింది. యాంజియోగ్రామ్‌లో మూడు రక్తనాళాల్లోనూ అడ్డంకులు కనిపించడంతో బైపాస్ చేశారు. బిల్లు 6 లక్షల 80 వేలు. కంపెనీ మాత్రం 'పదేళ్లుగా బీపీ ఉందని డిశ్చార్జ్ సమ్మరీలో ఉంది, దాన్ని దాచారు' అంటూ క్లెయిమ్ కొట్టేసింది.

ఆ 'పదేళ్లు' ఎక్కడినుంచి వచ్చింది? అర్ధరాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు 'బీపీ ఉందా, ఎన్నాళ్లుగా?' అని అడుగుతారు. రోగి నొప్పితో మాట్లాడలేడు. వెంట వచ్చిన బంధువు ఎవరో 'చాలా ఏళ్లుగానే ఉందండీ' అంటారు. కేసు షీటులో పది అని పడుతుంది. అక్కడినుంచి అదే డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. ఇంట్లో ఎవరూ చదవని ఆ ఒక్క వాక్యాన్నే క్లెయిములు చూసే వాళ్లు ముందు చదువుతారు.

అయినా కూతురు లేఖను బీపీ వివాదంతో మొదలుపెట్టకూడదు. ఆమెకు అంతకంటే బలమైన ఆధారం ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఆరోగ్య పాలసీ విరామం లేకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత వివరాలు చెప్పలేదనో తప్పుగా చెప్పారనో క్లెయిమ్‌ను తిరస్కరించడానికి వీల్లేదు. మోసం జరిగిందని కంపెనీ నిరూపిస్తే తప్ప. దీన్నే మారటోరియం అంటారు. అంతకుముందు ఈ గడువు ఎనిమిదేళ్లు ఉండేది. పోర్ట్ చేసుకున్నా పాత కంపెనీలో గడిచిన కాలం ఇందులో కలుస్తుంది. మన కేసులో కంపెనీ 2022 నుంచి లెక్కపెట్టి 30 నెలలే అనుకుంది. అసలు లెక్క 2018 నుంచి, అంటే 78 నెలలు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మారటోరియం రక్షణ మొదటి పాలసీ మొత్తానికే పూర్తిగా వర్తిస్తుంది. పెంచిన మొత్తానికి, పెంచిన తేదీ నుంచి 60 నెలలు మళ్లీ కొత్తగా లెక్కించాలి. కాబట్టి 5 లక్షలకు ఈ వాదన ఒక్కటే చాలు. మిగతా లక్షా 80 వేలకు మాత్రం 'పదేళ్ల బీపీ' తప్పని చూపించాలి. ఈ రెంటినీ కలిపేసి మొత్తం బిల్లుకు మారటోరియం వర్తిస్తుందని రాస్తే, కంపెనీ ఆ పొరపాటును పట్టుకుని మొత్తం లేఖనే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. అందుకే లేఖలోని ముఖ్యమైన పేరా ఇలా ఉంటే మంచిది:

'మా నాన్నగారి పాలసీ 2018 ఆగస్టు నుంచి విరామం లేకుండా కొనసాగుతోంది. పాత పాలసీ, పోర్టింగ్ పత్రాలు జతచేశాను. ఆపరేషన్ నాటికి 78 నెలలు పూర్తయ్యాయి. కనుక మొదటి 5 లక్షల మేరకు, వివరాలు దాచారన్న కారణంతో తిరస్కరణ చెల్లదు. పెంచిన మొత్తం విషయంలో, 2022లో మీరే చేయించిన పరీక్షల్లో బీపీ, ఈసీజీ మామూలుగా ఉన్నాయి. తొలిసారి బీపీ మందు రాసింది ఆ ఏడాది నవంబరులో. చీటీ జతచేశాను. డిశ్చార్జ్ సమ్మరీలోని పదేళ్ల ప్రస్తావన బంధువు నోటిమాటగా నమోదైనదని చికిత్స చేసిన డాక్టరుగారు ఇచ్చిన వివరణ కూడా జతచేశాను.'

ఆ చివరి కాగితం సంపాదించడమే అన్నిటికంటే కష్టం. ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీని దిద్ది ఇమ్మని అడగకండి. దిద్దిన కాగితం కొత్త అనుమానాలకు దారి తీస్తుంది. ముందు కేసు షీటు నకలు అడగండి. వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమావళి చెబుతోంది. ఆ వివరం ఎవరు చెప్పగా రాశారో అందులో చూసి, దానిపై వివరణను ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద డాక్టరు సంతకంతో తీసుకోవాలి. ఫ్యామిలీ డాక్టరు కూడా తొలిసారి బీపీ గుర్తించిన తేదీతో ధ్రువపత్రం ఇస్తే ఆ రెండూ ఒకదానికొకటి బలమిస్తాయి. నిజంగానే పదేళ్లుగా మాత్రలు వేసుకుంటూ ఉంటే ఇలాంటి కాగితం ఎవరినీ అడగకూడదు. అది బయటపడితే కంపెనీ మోసమని వాదిస్తుంది, అప్పుడు మారటోరియం రక్షణకే ముప్పు వస్తుంది.

కొన్ని కంపెనీలు మరో వాదన తెస్తాయి. రక్తనాళాల్లో సున్నం చేరి గట్టిపడిన కొవ్వు కనిపించింది కాబట్టి జబ్బు ఏళ్ల నాటిదే అంటాయి. వైద్యపరంగా అది నిజమే కావచ్చు. ఆ కొవ్వు దశాబ్దాల పాటు చడీచప్పుడు లేకుండా పేరుకుంటుంది. కానీ నియంత్రణ సంస్థ ఇచ్చిన నిర్వచనంలో ముందునుంచీ ఉన్న జబ్బు అంటే, పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టరు గుర్తించినది, లేదా సలహా, చికిత్స ఇచ్చినది. ఒంట్లో ఉండి ఎవరికీ తెలియనిది ఆ లెక్కలోకి రాదు. పాత పాలసీల్లో ఈ గడువు 48 నెలలుగా ఉండేది. మీ పాలసీలోని నిర్వచనాన్ని చూసి, అందులోని మాటలనే లేఖలో రాయండి.

సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో ఇచ్చిన మన్‌మోహన్ నందా తీర్పును కూడా ఉదహరించవచ్చు. విదేశీ ప్రయాణ వైద్య పాలసీతో అమెరికా వెళ్లిన ఆయనకు శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో గుండె సమస్య వచ్చి మూడు స్టెంట్లు వేశారు. మధుమేహం, కొలెస్టరాల్ సంగతి చెప్పలేదని క్లెయిమ్ కొట్టేశారు. కానీ మధుమేహం సంగతి పాలసీ ఇచ్చేటప్పుడే కంపెనీకి తెలుసు. ఆరోగ్య స్థితిని చూసుకుని పాలసీ ఇచ్చాక, ముందే చెప్పిన జబ్బును సాకుగా చూపి క్లెయిమ్ కాదనకూడదని కోర్టు తేల్చింది. మన కేసుకు ఇది అచ్చుగుద్దినట్టు సరిపోదు. అయితే పరీక్షలు తానే చేయించుకున్న కంపెనీ, వాటి ఫలితాలను పక్కనపెట్టి మాట్లాడకూడదని చెప్పడానికి పనికొస్తుంది.

లేఖ చివర రెండు ప్రశ్నలు అడగాలి. తిరస్కరణకు ఆధారమైన పాలసీ నిబంధన ఏది? నిర్ణయాన్ని క్లెయిముల సమీక్షా కమిటీ ఆమోదించిందా? అలాంటి ఆమోదం లేకుండా, నిబంధన చూపకుండా క్లెయిమ్ కొట్టేయకూడదని 2024 మే నాటి సర్క్యులర్ చెబుతోంది.

పాలసీదారు నాన్న కాబట్టి, 'నా తరఫున మా అమ్మాయి ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుతుంది' అని ఆయన సంతకం చేసిన కాగితం మొదటి పేజీగా ఉండాలి. లేఖను కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్‌లో పంపి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. ఏడాదిలోపు వెళ్లాలి. అదే విషయం మీద వినియోగదారుల కోర్టులో కేసు వేసి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ ఆ ఫిర్యాదు తీసుకోరు. అందుకే ముందు ఇక్కడికి వెళ్లి, అవసరమైతే తర్వాత కోర్టుకు వెళ్లడం మేలు. కోర్టుకు రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి, తిరస్కరణ లేఖ మీది తేదీని మాత్రం మరిచిపోవద్దు.