వార్తల్లో పదం: డీప్ డిశ్చార్జ్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి పనికి బెంగళూరు వెళ్లినవాళ్లు ఇంట్లో వదిలేసిన ఫోన్‌ను నెలల తర్వాత ఛార్జింగ్‌కు పెడితే, ఒక్కోసారి బ్యాటరీ బొమ్మ తప్ప ఏమీ రాదు. లిథియం అయాన్ బ్యాటరీ సుమారు 3 వోల్టుల కన్నా కిందికి జారడమే డీప్ డిశ్చార్జ్. అప్పుడు ఛార్జింగ్ చిప్, సెల్ దెబ్బతినకుండా చాలా కొద్ది కరెంటే పంపుతుంది. ఫోన్ ఆన్ కావడానికి అది చాలదు. మాటిమాటికీ బటన్ నొక్కితే చేరిన కాస్తా ఖర్చవుతుంది.

అందుకే గోడ ప్లగ్గుకు పెట్టి గంటసేపు వదిలేయండి. తర్వాత ఛార్జర్ తీయకుండానే పవర్, వాల్యూమ్ డౌన్ బటన్లు కలిపి 10–20 సెకన్లు నొక్కి పట్టండి. చాలా మోడళ్లు రీస్టార్ట్ అవుతాయి. రికవరీ మెనూ వస్తే `Reboot system now` ఎంచుకోండి. `Wipe data` నొక్కితే ఫొటోలన్నీ పోతాయి. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిన ఫోన్‌ను మాత్రం ఛార్జింగ్‌కే పెట్టకూడదు.