ఆ మూల ఎవరిది: ఫోనులో జాక్, మోటారు, స్పీకర్లు

2016 సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో యాపిల్ సంస్థ ప్రకటించిన ఐఫోన్ 7పై చర్చ చాలావరకు హెడ్‌ఫోన్ జాక్ తొలగింపు చుట్టూనే తిరిగింది గాని, అదే ఫోనులో మరో రెండు మార్పులు కూడా ఒకేసారి జరిగాయన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఐఫోన్లలో రెండు స్పీకర్ల ధ్వని అప్పుడే మొదలైంది. ఫోనును కంపింపజేసే మోటారు అంతకుముందుకంటే పెద్దదైంది. జాక్, స్పీకరు, మోటారు అనే ఈ మూడు భాగాల చరిత్రలు వేరువేరుగా మొదలై, 7.1 మిల్లీమీటర్ల మందం గల ఒక పెట్టెలో అడుగుభాగపు మూల కోసం ఒకదానితో ఒకటి పోటీపడిన సందర్భం అది. ఫోను కొనేవారు చూసే వివరాల పట్టికలో ఈ మూడింటికీ సాధారణంగా ‘ఉంది’ లేదా ‘లేదు’ అన్న సమాధానమే దొరుకుతుంది. ఎంత బాగా ఉంది అన్నది తెలియాలంటే వాటి లోపలి పనిని కొంత ఎరిగి ఉండాలి.

మూడింటిలో వయసులో పెద్దది జాక్. పందొమ్మిదో శతాబ్దం చివరి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో ఒక చందాదారుడి తీగను మరొకరి తీగతో చేత్తో కలపడానికి ఆపరేటర్లు వాడిన పావు అంగుళం లావు ప్లగ్గు దీని పూర్వరూపం. ట్రాన్సిస్టర్ రేడియోల కాలంలో అది 3.5 మిల్లీమీటర్లకు చిక్కి, 1979లో సోనీ వాక్‌మన్‌తో జనం జేబుల్లోకి చేరింది. ప్లగ్గు కాడ మీద కనిపించే నల్లని గీతలు లోహపు భాగాలను విడదీసే అవాహకపు పట్టీలు: కొన ఎడమ చెవికి, దాని వెనుక ఉంగరం కుడి చెవికి, చివరి భాగం రెండు చెవుల నుంచి విద్యుత్తు తిరిగి వెళ్లే ఉమ్మడి దారికి. ఫోన్లకు మైకు కూడా కావలసి రావడంతో నాలుగో భాగం చేరింది. కాని మైకు, ఉమ్మడి దారి ఏ వరుసలో ఉండాలన్న దానిపై తయారీదారులు రెండు పద్ధతులు పాటించడం వల్ల ఒక విచిత్రమైన లోపం పుట్టింది. ఒక వరుస ప్రకారం చేసిన ఇయర్‌ఫోన్లను మరో వరుస పాటించే ఫోనుకు తగిలిస్తే, ఉమ్మడి దారి తెగిపోయి, ఎడమ కుడి స్పీకర్లు ఒకదాని గుండా ఒకటి పనిచేయవలసి వస్తుంది. అప్పుడు రెండు వైపుల శబ్దాల మధ్య ఉన్న తేడా మాత్రమే చెవికి చేరుతుంది. సినిమా పాటల్లో గాయకుల గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగా కలుపుతారు కాబట్టి ఆ గొంతు చాలావరకు రద్దయిపోయి, వాద్యాలు, ప్రతిధ్వనులు మాత్రం మిగులుతాయి. తీగ మీది మైకు బటన్‌ను నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగి వస్తుంది. ఆ బటన్ మైకును, ఉమ్మడి దారిని కలిపేయడమే అందుకు కారణం. బటన్ నొక్కినా గొంతు రాకపోతే అనుమానించవలసింది జాక్ రంధ్రంలో చేరిన దూదిపింజల వంటి దుమ్మును, లేదా అరిగిన స్ప్రింగు పలకలను.

ఈ రంధ్రానికి ఫోను లోపల పట్టే చోటు తక్కువేమీ కాదు. ప్లగ్గు కాడ పొడవు సుమారు 14 మిల్లీమీటర్లు. దాని చుట్టూ స్ప్రింగు పలకలు, వాటిని పట్టి ఉంచే గూడు కలిపితే, బ్యాటరీ కింద మిగిలే సన్నని పట్టీలో అది పెద్ద ఆక్రమణే. జాక్ పోయిన తర్వాత పోయింది రంధ్రం మాత్రమే కాదు, హెడ్‌ఫోన్ల కోసం అంకెల రూపంలోని ధ్వనిని విద్యుత్ తరంగంగా మార్చే చిప్ పని కూడా చాలా ఫోన్లలో బయటికి, అంటే అడాప్టరులోకి వెళ్లింది. నేటి యూఎస్‌బీ-సీ అడాప్టర్లలో లోపల చిప్ ఉన్నవి కొన్నయితే, వట్టి తీగలు మాత్రమే ఉన్నవి కొన్ని. చూపులకు రెండూ ఒకే రకంగా ఉండి, రెండో రకం కొన్ని ఫోన్లకు తగిలిస్తే అసలు శబ్దమే రాదు. మరో నష్టం ఎఫ్ఎం రేడియోది. 100 మెగాహెర్ట్జ్ ప్రాంతపు ఎఫ్ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు కాబట్టి దాన్ని అందుకోవడానికి ఫోను శరీరం చాలదు. ఇయర్‌ఫోన్ తీగే ఏంటెనాగా పనిచేసేది. విపత్తుల వేళ సమాచారం అందడానికి ఫోన్లలో ఎఫ్ఎం రేడియో సౌకర్యం ఉంచాలని 2023లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ తయారీదారులకు సూచించింది. తుపాన్లు తరచుగా తాకే కోస్తా జిల్లాల దృష్టితో చూస్తే, ధర తక్కువ ఫోన్లలో ఇంకా మిగిలి ఉన్న జాక్‌ను పాతబడిన వస్తువుగా తీసిపారేయడం తొందరపాటే.

ఇక మోటారు. చాలాకాలం ఫోన్లలో వాడినది ఇరుసుకు ఒక పక్కనే బరువు తగిలించిన చిన్న తిరుగుడు మోటారు. బట్టలన్నీ ఒకవైపు చేరిన వాషింగ్ మెషీన్ ఊగినట్టు, ఆ బరువు తిరిగినప్పుడు ఫోను మొత్తం అదురుతుంది. ఇందులో వేగమూ బలమూ విడదీయరానివి: బలం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే మెల్లని కంపనం కావాలంటే పౌనఃపున్యం కూడా మారిపోతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది జడత్వం. నిశ్చలస్థితి నుంచి పూర్తి వేగం అందుకోవడానికి ఇటువంటి మోటారుకు పదుల మిల్లీసెకన్లు పడతాయి. కరెంటు ఆపిన తర్వాత కూడా అది కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. సెకనుకు అయిదారు అక్షరాలు కొట్టేవారికి ఒక్కో అక్షరానికి దొరికేది 200 మిల్లీసెకన్లకు లోపే కాబట్టి, ఒక అదురు పూర్తిగా ఆగకముందే రెండోది మొదలై, వేళ్లకు విడివిడి తాకిళ్లకు బదులు ఎడతెగని గరగర తెలుస్తుంది. చాలామంది కీబోర్డు కంపనాన్ని ఆపివేయడానికి కారణం ఇదే. వారు విసుగు చెందింది కంపనం మీద కాదు, ఆ మోటారు మీద.

దీని స్థానంలోకి వచ్చిన సరళరేఖా మోటారులో తిరిగేది ఏదీ లేదు. స్ప్రింగుల మధ్య వేలాడే ఒక బరువు, దానికి అమర్చిన అయస్కాంతాలు, పక్కన కదలని తీగచుట్ట ఉంటాయి. చుట్టలో విద్యుత్తు దిశ మారినప్పుడల్లా బరువు అటూఇటూ ఊగుతుంది. తక్కువ చోటులో ఎక్కువ బరువు కావాలి కాబట్టి ఇనుముకంటే రెండింతలకు పైగా సాంద్రత గల టంగ్‌స్టన్‌ను వాడతారు. స్ప్రింగు, బరువు కలిసి ఒక సహజ పౌనఃపున్యాన్ని ఏర్పరుస్తాయి. అది సాధారణంగా 150 నుంచి 235 హెర్ట్జ్ మధ్య ఉండేలా చేస్తారు. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు; చర్మం లోపలి పాచినీ కణికలు అనే స్పర్శ గ్రాహకాలు 200 నుంచి 300 హెర్ట్జ్ ప్రాంతపు కంపనాన్ని అత్యంత సూక్ష్మంగా పసిగడతాయి. ఉదాహరణకు 170 హెర్ట్జ్ మోటారులో ఒక ఊపు పూర్తవడానికి సుమారు 6 మిల్లీసెకన్లు చాలు. అయితే స్ప్రింగు మీది బరువు తనంతట తానుగా ఒక్కసారిగా కదలదు, ఒక్కసారిగా ఆగదు కూడా. అందువల్ల దాన్ని నడిపే చిప్ మొదట ఒకటి రెండు ఊపులపాటు మామూలుకంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చి, ఆపవలసిన క్షణంలో విద్యుత్తును ఎదురు దిశలో పంపి బ్రేకు వేస్తుంది. ఈ బ్రేకు సరిగా పడినప్పుడే వేలికి ‘టక్’మని తెలుస్తుంది, పడకపోతే మంచి మోటారు కూడా జుయ్‌మంటుంది. వట్టి మోటారు పేరు చూసి నాణ్యతను అంచనా వేయడం ఇందువల్లనే కుదరదు.

పరిమాణానికి ఉన్న ప్రాధాన్యం చిన్న లెక్కతో తేలుతుంది. ఊగే బరువు 2 గ్రాములు, ఫోను 160 గ్రాములు అనుకుంటే, బరువుకు కలిగే త్వరణంలో 80వ వంతు మాత్రమే చేతిలోని ఫోనుకు దక్కుతుంది. బరువు ఒక గ్రాముకు తగ్గితే అది 160వ వంతు అవుతుంది. ఐఫోన్ 7లో ఈ మోటారు పెరిగింది హోమ్ బటన్ కోసం. అంతకుముందు నిజంగా లోపలికి దిగే ఆ బటన్‌కు బదులు కదలని పలకను పెట్టి, వేలి ఒత్తిడిని గుర్తించిన వెంటనే మోటారుతో నొక్కిన అనుభూతి కలిగించారు. నొక్కు బలాన్ని మూడు స్థాయిల నుంచి ఎంచుకునే వీలు కూడా ఇచ్చారు. ఫోను ఆపివేస్తే ఆ బటన్ రాయిలా ఉండిపోయేది. సాఫ్ట్‌వేర్ స్తంభించినప్పుడు అది పనిచేయదు కాబట్టి బలవంతంగా రీస్టార్ట్ చేసే పద్ధతిలో హోమ్ బటన్‌కు బదులు వాల్యూమ్ తగ్గించే బటన్‌ను చేర్చవలసి వచ్చింది.

స్పీకరు కూడా మూలంలో ఇదే తీగచుట్ట, అయస్కాంతాల జంట. తేడా ఏమిటంటే ఇక్కడ చుట్టే కదిలి, దానికి అంటించిన పలుచని పొర గాలిని తోస్తుంది. దాని ప్రధాన శత్రువు ఫోను పలుచదనం. ఒకే గట్టిదనంతో శబ్దం రావాలంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ పొర నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 800 హెర్ట్జ్ వద్ద 0.4 మిల్లీమీటర్లు కదిలే పొర, అంతే గట్టిగా 100 హెర్ట్జ్ డోలు దెబ్బను వినిపించాలంటే 64 రెట్లు, అంటే 25 మిల్లీమీటర్లకు పైగా కదలాలి. అది ఫోను మందానికి మూడు రెట్లకంటే ఎక్కువ. కాబట్టి ఏ ఫోనులోనూ నిజమైన మంద్రం ఉండదు, ఎంత తెలివిగా సర్దుకున్నారన్నదే తేడా. మంచి ఫోన్లలో ఆంప్లిఫయర్ చిప్ చుట్టలోని విద్యుత్తును నిరంతరం కొలుస్తూ ఉంటుంది. రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి నిరోధం 16 శాతం పెరిగితే చుట్ట దాదాపు 40 డిగ్రీలు వేడెక్కిందని గ్రహించి, కాలిపోకముందే శబ్దాన్ని తగ్గిస్తుంది. ఈ కాపలా ఉన్నందువల్లనే చిన్న స్పీకరును దాని హద్దు అంచుదాకా నడపడం సాధ్యమవుతుంది.

రెండు స్పీకర్లున్న చాలా ఫోన్లలో రెండోది మాటలు వినే ఇయర్‌పీసే. దాని వెనుక గాలికి చోటు తక్కువ, శబ్దం వెలువడే చీలిక సన్నం. అందువల్ల అది కింది స్పీకరుకంటే పీలగా పలుకుతుంది. ఫోనును అడ్డంగా పట్టుకుని సినిమా చూస్తున్నప్పుడు ఒక వైపు బరువుగా, మరో వైపు తేలికగా వినిపించడం ఇందువల్లే. ఫోను అడుగున రెండు వైపులా వరుస రంధ్రాలుండటం కూడా రుజువు కాదు: ఐఫోన్ 7లో జాక్ ఉండిన వైపు కొత్తగా వచ్చిన రంధ్రాల వెనుక స్పీకరు లేదు, నీరు చొరకుండా మూసిన ఫోనులో వాయుపీడన మాపకానికి గాలి అందించే ప్లాస్టిక్ భాగం ఉంది. ఇక రెండు స్పీకర్లూ సమానంగా ఉన్నా, వాటి మధ్య 13 సెంటీమీటర్ల దూరం, కంటికి 30 సెంటీమీటర్ల ఎడం ఉంటే చెవుల దగ్గర ఏర్పడే కోణం సుమారు 25 డిగ్రీలే; గదిలో స్టీరియో వినడానికి ప్రమాణంగా తీసుకునే 60 డిగ్రీలలో అది సగం కూడా కాదు. కనుక ఫోను స్టీరియోలో విశాలత కంటే, రెండు వైపులా ఒకే స్వరంలో పలకడమే చూడవలసిన గుణం. ఒకే మాటల రికార్డింగును పెట్టి, ఒకసారి పై చీలికను, మరోసారి కింది రంధ్రాలను వేలితో మూసి వింటే ఆ తేడా దుకాణంలోనే తెలిసిపోతుంది. మోటారుకైతే కీబోర్డు కంపనాన్ని తెరిచి, ఒకే అక్షరాన్ని వీలైనంత వేగంగా కొట్టి, తాకిళ్లు విడివిడిగా లెక్కపెట్టగలిగేలా ఉన్నాయో లేదో చూస్తే చాలు.

ఈ పరీక్షలో నెగ్గిన మోటారు కూడా దాన్ని వాడుకునే సాఫ్ట్‌వేర్ లేకపోతే ఖాళీగానే ఉంటుంది. 2017 నాటి ఐఫోన్ Xలో హోమ్ బటనే పోయింది, మోటారు మాత్రం నిలిచింది. అయినా అంత ఖరీదైన మోటారును సొంత కీబోర్డుకు జోడించే సౌకర్యాన్ని యాపిల్ 2022లో iOS 16తో గాని ఇవ్వలేదు.