ఇంటికి ‘హూజ్’ వాడొచ్చా?

‘ఎ హౌస్ హూజ్ రూఫ్ లీక్స్’. అంటే, కప్పు కారే ఇల్లు. ఈ ఇంగ్లిష్ కరెక్టేనా? చాలామందికి ఇక్కడే డౌటు. ‘హూ’ అంటే ఎవరు, ‘హూజ్’ అంటే ఎవరి అని స్కూల్లో బట్టీ పట్టాం కదా! ఇల్లేమైనా మనిషా, ‘ఎవరి’ అనడానికి?

బ్యాంకు పరీక్షలకి ప్రిపేరవుతున్న మా పిన్ని కూతురికి ఓ మాక్ టెస్టులో ఇదే ఎదురైంది. వాక్యాన్ని మూడు ముక్కలు చేసి, తప్పెక్కడో పట్టుకోమన్నారు: ‘ఐ లివ్ ఇన్ ఎ హౌస్ హూజ్ / రూఫ్ లీక్ / ఎవ్రీ మాన్‌సూన్’. తను మొదటి ముక్క టిక్ చేసింది. మార్కు రాలేదు సరికదా, నెగెటివ్ మార్కింగ్‌లో కొంత పోయింది కూడా. “అన్నా, ఇల్లు వస్తువు కదా, హూజ్ ఎలా కరెక్ట్?” అని నామీదికొచ్చింది.

నేను ఆ వాక్యాన్ని రెండుగా విడగొట్టి చూపించాను. ‘ఐ లివ్ ఇన్ ఎ హౌస్. ఇట్స్ రూఫ్ లీక్స్.’ రెండో వాక్యంలో ‘దాని’ అని చెప్పే ‘ఇట్స్’ ఉంది. రెండింటినీ కలిపితే ఆ ‘ఇట్స్’ స్థానంలోకి వచ్చేది ‘హూజే’. ఎందుకంటే ‘విచ్’కి సొంతంగా ‘దాని’ అనే రూపం లేదు. ‘విచ్ రూఫ్ లీక్స్’ అంటే తప్పు. ‘ది రూఫ్ ఆఫ్ విచ్ లీక్స్’ అంటే తప్పు కాదుగానీ, నోరు తిరగదు. మరి అసలు తప్పు? రెండో ముక్కలో. కప్పు ఒక్కటే కాబట్టి ‘లీక్’ కాదు, ‘లీక్స్’ అనాలి.

ఇది ఈమధ్య వచ్చిన సడలింపేమీ కాదు. పాత ఇంగ్లిష్‌లో ‘ఎవరి’కీ ‘దేని’కీ ఒకటే రూపం ఉండేది. నేటి ‘హూజ్’ దాన్నుంచి వచ్చిందే. మిల్టన్ 1667 నాటి ‘పారడైజ్ లాస్ట్’ మొదట్లోనే పండు రుచి గురించి చెబుతూ ‘హూజ్’ వాడాడు. తర్వాత కొందరు వ్యాకరణవేత్తలు మనుషులకే వాడాలని అభ్యంతరం పెట్టినా, 1926లో ఫౌలర్ తన యూసేజ్ పుస్తకంలో వస్తువులకూ వాడొచ్చని గట్టిగా సమర్థించాడు.

అయితే ఒక హద్దుంది. ప్రశ్న అడిగేటప్పుడు ‘హూజ్’ మనుషుల గురించే. ‘హూజ్ లిడ్ ఈజ్ దిస్?’ అంటే ఈ మూత ఏ గిన్నెదని కాదు, ఎవరిదని. మనం బట్టీ పట్టిన ‘ఎవరి’ అనే అర్థం ఇక్కడిదే. రెండు వాక్యాల్ని కలిపే చోటికి దాన్ని పట్టుకెళ్లడంతోనే తంటా అంతా.

తెలుగులో మనకీ గొడవే లేదు. ‘కప్పు కారే ఇల్లు’ అనేస్తే చాలు, మధ్యలో ఏ ‘హూజూ’ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం డౌటొస్తే వాక్యాన్ని రెండుగా విడగొట్టండి. రెండోదాంట్లో ‘దాని’ అని వస్తే, ఇల్లైనా ఫోనైనా ధైర్యంగా ‘హూజ్’ పెట్టేయండి.