హారం ఎక్కడ ఆగాలి?

ముత్యాల దండ కొనేటప్పుడు మెరుపు చూస్తాం, గుండ్రంగా ఉన్నాయో లేదో చూస్తాం, ధర బేరమాడతాం. పొడవు దగ్గరకొచ్చేసరికి మాత్రం కొట్టువాళ్లు చెప్పిన అంకెతో సరిపెట్టుకుంటాం. తీరా ఇంటికొచ్చి వేసుకుంటే గొంతు పట్టేస్తుంది, లేదా సరిగ్గా జాకెట్టు అంచు మీదికొచ్చి ఆగుతుంది. నగ మంచిదే, పొడవే కుదరలేదు.

నగల దుకాణాల్లో ఈ పొడవులకు వాడుకలో ఉన్న పేర్లు కొన్నే. 14 నుంచి 16 అంగుళాలది చోకర్. మన అడ్డిగ ఈ కొలతదే. 18 అంగుళాలకు అటూ ఇటూగా ఉంటే ప్రిన్సెస్. 20 నుంచి 24 వరకు మ్యాటినీ. 28 నుంచి 36 వరకు ఓపెరా. అంతకు మించితే రోప్. ఈ పేర్లు ఒక మోస్తరు మెడను ఊహించుకుని పెట్టినవి. మీ మెడ ఆ కొలతలో లేకపోతే పేరు మారకపోయినా హారం ఆగే చోటు మారిపోతుంది.

అందుకే ముందుగా మెడ కొలవాలి. టేపును మెడ మొదట్లో, బిగించకుండా, చుట్టూ తిప్పి చూసుకోండి. ఆ కొలతను హారం పొడవులోంచి తీసేస్తే మిగిలినదే వదులు. ఆ వదులు మెడకు రెండు పక్కలా పంచుకుంటుంది కాబట్టి, గొంతు కింది గుంట నుంచి హారం దాదాపు అందులో సగం దూరమే దిగుతుంది. 14 అంగుళాల మెడకు 18 అంగుళాల గొలుసు వేస్తే వదులు నాలుగు, దిగేది రెండు అంగుళాలు. అదే మెడకు 32 అంగుళాల ఓపెరా హారం తొమ్మిది అంగుళాలు దిగి ఛాతీ మీదికొస్తుంది. ఇది సుమారు లెక్కే. భుజాల వాలును బట్టి అర అంగుళం అటూ ఇటూ అవుతుంది.

సన్నని గొలుసుకు ఈ లెక్క సరిపోతుంది. ముత్యాలకు ఇంకొకటి కలపాలి. దండ పొడవును ముత్యాల మధ్యలోంచి పోయే దారం మీద కొలుస్తారు. మెడకు తగిలేది మాత్రం లోపలి అంచు. ముత్యం ఎంత లావైతే ఆ లోపలి చుట్టు అంత తగ్గుతుంది, ముత్యం మందానికి మూడింతల కంటే కొంచెం ఎక్కువే. 8 మిల్లీమీటర్ల ముత్యాలతో గుచ్చిన దండ చుట్టూ ఒక అంగుళం మింగేస్తుంది. ఇప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు 16 అంగుళాల దండను మార్చి మార్చి వేసుకుంటారనుకోండి. చెల్లెలి మెడ 13 అంగుళాలు. లోపలి చుట్టు 15 కాబట్టి రెండు అంగుళాల వదులు ఉంటుంది, దండ గొంతు గుంటకు అంగుళం కింద చక్కగా కూర్చుంటుంది. అక్క మెడ 15న్నర. ఆమెకు అది కొక్కెం పడదు. పట్టి లాగి పెట్టుకున్నా మెడ మీద గాట్లు పడతాయి. ఆమెకు చెల్లెలిలాగే కనిపించాలంటే 18న్నర అంగుళాల దండ కావాలి. కొట్టులో దాన్ని ప్రిన్సెస్ అనే అంటారు, అయినా ఆమె మెడలో అది చోకర్ చోటుకు దగ్గరగానే ఆగుతుంది.

మెడ తర్వాత చూడాల్సింది జాకెట్టు. టైలర్ దగ్గర ముందు మెడ లోతు ఏడు అంగుళాలని చెబితే ఆ ఏడూ భుజం దగ్గర నుంచి లెక్క. గొంతు గుంట భుజానికి మూడు అంగుళాల కిందే ఉంటుంది కనుక, గుంట నుంచి అంచుకు మిగిలేది నాలుగు అంగుళాలు. 14 అంగుళాల మెడ మీద 22 అంగుళాల మ్యాటినీ హారం సరిగ్గా నాలుగు అంగుళాలే దిగుతుంది. అంటే అంచు మీదే. సగం చర్మం మీద, సగం గుడ్డ మీద పడి పైపింగుతో పోట్లాడుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ పొడవు ఇదే. అంచుకు కనీసం అంగుళం పైన ఆగాలి, లేదా నిక్కచ్చిగా దాటిపోవాలి. ఆ జాకెట్టు మీదికి 18 మంచిది, 30 మంచిది, మధ్యలో ఉన్నవి కష్టం.

లాకెట్టు ఉంటే జాగ్రత్త. గొలుసు పొడవు పెరిగితే సగమే దిగుతుంది కానీ, లాకెట్టు ఎంత ఉంటే అంతా దిగుతుంది. 18 అంగుళాల గొలుసుకు అంగుళంన్నర లాకెట్టు తగిలిస్తే రెండు కాస్తా మూడున్నర అవుతుంది, మళ్లీ అంచు దగ్గరికే వచ్చేస్తుంది. అలాంటప్పుడు 16 అంగుళాల గొలుసు తీసుకోవాలి. గుట్టపూసల నెక్లెసుకు వేలాడే పూసల కుచ్చులను కూడా ఇలాగే కలుపుకోవాలి.

బోట్ నెక్‌కు, కాలర్ ఉన్న జాకెట్టుకు లెక్క వేరు. అక్కడ చర్మం మీద చోటే లేదు కాబట్టి హారం గుడ్డ మీదే ఉండాలి, ఓపెరా పొడవు బాగా పలుకుతుంది. లోతైన వి మెడకు చిన్న లాకెట్టున్న ప్రిన్సెస్ పొడవు ఆ వాలునే అనుసరిస్తుంది. పొట్టి మెడవాళ్లకు పట్టీలాంటి చోకర్ మెడను అడ్డంగా కోసేసినట్టు చేస్తుంది. వాళ్లకు గుంట కింద రెండు మూడు అంగుళాలు దిగి కొసగా ఆగేది మేలు. పొడుగాటి సన్నని మెడకు అడ్డిగ, రెండు మూడు వరసల చోకర్ నిండుదనమిస్తాయి. ఛాతీ నిండుగా ఉన్నవాళ్లకు 24 అంగుళాలది ఇబ్బంది. లాకెట్టు ఒంటికి ఆనకుండా గాలిలో ఊగుతుంటుంది.

పెళ్లయిన తెలుగు ఆడవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పుస్తెల గొలుసు తరచుగా 24 నుంచి 30 అంగుళాలు ఉంటుంది. అదే పొడవు హారం ఇంకోటి వేస్తే రెండూ పెనవేసుకుంటాయి, సాయంత్రానికి విప్పడమే పని. పుస్తెలకంటే బాగా పైన ఆగేది, లేదా వాటిని దాటి కిందికి పోయేది తీసుకోవాలి. చీర కట్టుతో ఓపెరా హారం వేసినప్పుడు పైట మడతలు దాన్ని ఒక పక్క కప్పేస్తాయి. హారాన్ని పైట మీదికి తీసి, పిన్ను గొలుసులో దూరకుండా భుజం మీద ఇంకాస్త వెనక్కి పెట్టుకోవాలి.

పెళ్లికూతురికి అడ్డిగ, నెక్లెసు, హారం మూడూ వేస్తారు. ఒకదాని కుచ్చు చివరకూ రెండోదాని పై అంచుకూ మధ్య రెండు వేళ్ల చోటైనా కనిపించాలి, లేకపోతే మూడూ కలిసి ఒకే ముద్దగా అనిపిస్తాయి. వరసలు ఆనుకునే ఉండాల్సిన నగలూ లేకపోలేదు. నిజాం నగలను 1995లో కేంద్ర ప్రభుత్వం కొన్నది, వాటిలో బస్రా ముత్యాల సత్‌లడా ఉంది. ఏడు వరసలు. ఇలాంటి నగలో కింది వరసలు పైవాటికంటే కాస్త కాస్త పొడవుగా ఉంటేనే దొంతరగా పరుచుకుంటాయి. కొలత తప్పితే ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి.

రోజూ ఆఫీసుకు 16, 18 అంగుళాలవి హాయి. బల్ల మీదికి వంగినా తగలవు. ఓపెరా హారం కూర్చుని ముచ్చట్లాడే విందులకు, సాయంత్రపు వేడుకలకు. వడ్డించే బాధ్యత ఉన్నరోజు దాన్ని బీరువాలోనే ఉంచండి, వంగినప్పుడల్లా విస్తట్లోకి జారుతుంది. చంకలో పసిపిల్ల ఉన్నా అంతే. ముత్యాల ఓపెరా దండకు ఒక సౌకర్యం ఉంది: రెండు మడతలు వేస్తే చోకర్ అవుతుంది. 32 అంగుళాల దండ ఒక్కో చుట్టుకు 16 ఇస్తుంది, పైన చెప్పిన చెల్లెలికి చాలు. అక్కకు 36 పైనే కావాలి.

కొట్టులో కొక్కెం విప్పి, దండను బల్ల మీద సాగదీయకుండా పరిచి, కొక్కెం చివర నుంచి కడియం చివరి దాకా మీరే కొలవండి. వెనక రెండు అంగుళాల బ్యాక్ చైన్ వేయించుకుంటే ఒకే దండ రెండు మూడు జాకెట్లకు సర్దుకుంటుంది. ముత్యాలను మళ్లీ గుచ్చిస్తుంటే ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తారా అని అడగండి. 50 ముత్యాల దండలో ముళ్లే పొడవును అంగుళం దాకా పెంచుతాయి. వాడగా పట్టుదారం కూడా సాగుతుంది. అందుకే పాత దండ ఇచ్చేటప్పుడు దాని పొడవును కాదు, అది మీ మెడ మీద ఎక్కడ ఆగాలో చూపించి గుచ్చమనండి.