అవ్వ పెట్టెలో కాగితం పట్టా కాదు

కొండపల్లి నుంచి ఒక విద్యార్థి మాకు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. "మా అవ్వ పేరున ఉన్న పట్టా ఇది, పొలం మాత్రం వేరేవాళ్లు దున్నుతున్నారు" అన్నాడు. చదవడానికి ముందు మేం కాగితం ఆకారం చూశాం.

పైభాగమంతా స్టాంపు బొమ్మ, రూపాయల విలువ. రాత దాని కింద మొదలైంది. అక్కడే మాకు అనుమానం వచ్చింది. డి-ఫారం పట్టా స్టాంపు పేపరు మీద రాదు. అది రెవెన్యూ శాఖ అచ్చు ఫారం. అందులో పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులకు గడులుంటాయి, షరతులుంటాయి, అడుగున తహసీల్దారు సంతకం, కార్యాలయ ముద్ర ఉంటాయి.

ఈ ఫోటోలోని గుండ్రటి ముద్ర నోటరీది. కాగితం వెనక్కి తిప్పి ఫోటో తీయమన్నాం. చాలామంది వెనక వైపు పంపరు, అసలు సంగతులు అక్కడే ఉంటాయి. రిజిస్టరయిన దస్తావేజయితే వెనక సబ్ రిజిస్ట్రార్ ముద్ర, దస్తావేజు నంబరు, సంవత్సరం, వేలిముద్రలు ఉండాలి. ఇక్కడ స్టాంపు వెండరు రాసిన వరుస ఒక్కటే ఉంది: క్రమ సంఖ్య, 1998 నాటి తేదీ, కొన్నవారి పేరు. ఆ పేరు అవ్వది కాదు.

అప్పుడు రాత చదివాం. "డీకేటీ పట్టా ద్వారా సంక్రమించిన" భూమిని అమ్ముతున్నట్టు ఉంది. అమ్మినవారి చోట అవ్వ వేలిముద్ర. అంటే కుటుంబం ఇన్నేళ్లూ హక్కు పత్రమని దాచుకున్నది రిజిస్టరు కాని అమ్మకపు కాగితం. ముద్ర కూడా రాతలాగే నల్లగా ఉంది, కాబట్టి ఇది జిరాక్సు. అసలు కొన్నవాళ్ల దగ్గరే ఉండి ఉంటుంది.

అబ్బాయి కంగారుపడ్డాడు. కానీ ఇది వాళ్లకు వ్యతిరేకమైన కాగితమే అనుకోనక్కర్లేదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఇలాంటి అమ్మకం చెల్లదు. చట్టం రాకముందే సద్భావంతో కొన్న భూమిలేని పేదకు మినహాయింపు ఉంది, 1998 దానికి అందదు. భూమిని వెనక్కి తీసుకుని అసైనీకి తిరిగి ఇప్పించే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. అది అసైన్డ్ భూమేనని కొన్నవాళ్లే ఒప్పుకున్నట్టు ఈ కాగితం చూపిస్తుంది.

తేదీ, ముద్ర కలుస్తున్నాయా అన్నదీ చూడాలి. మండలాలు 1985లో వచ్చాయి, ఎన్టీఆర్ జిల్లా 2022లో. 1978 నాటి పట్టా మీద మండల రెవెన్యూ అధికారి ముద్ర కనబడితే అది తర్వాత తీసిన నకలైనా కావాలి, దొంగ కాగితమైనా కావాలి. నకలయితే "నకలు" అన్న మాట, ఇచ్చిన తేదీ వేరుగా ఉంటాయి.

ఫోటో ఇంతవరకే చెబుతుంది. ముద్ర అసలుదో కాదో తేల్చేది తహసీల్దారు కార్యాలయంలోని అసైన్‌మెంటు రిజిస్టరే. ఆ సర్వే నంబరు రాసి, రిజిస్టరు పేజీ నకలు కోరుతూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమన్నాం. అదే నంబరుకు అడంగల్ కూడా తీయించమన్నాం, అనుభవదారు గడిలో ఇప్పుడు ఎవరి పేరుందో చూడటానికి.