పద్దెనిమిది క్లిక్కుల కథ: చిన్న సైట్‌లో హెడ్‌లైన్, బటన్ టెస్ట్ చేసుకోవడం ఎలా

ఈ వారం ఎపిసోడ్‌లో లెక్కలు కాస్త ఎక్కువయ్యాయి. కారులో వింటూ నంబర్లు పట్టుకోవడం కష్టమని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు. అందుకే ఆ మాటలనే ఇక్కడ నింపాదిగా రాస్తున్నాను.

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే ఒక అక్క మన పాత శ్రోత. హెచ్-4 ఈఏడీ మీద శనాదివారాలు పిల్లలకి ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పిస్తుంది. సొంత వెబ్‌సైట్ ఉంది, నెలకి ఆరొందల మంది దాకా వస్తారు. ఆగస్టు చివర్లో ఫోన్ చేసి, "తమ్ముడూ, హెడ్‌లైన్ మార్చాను, బటన్ మార్చాను, క్లిక్కులు డబుల్ అయ్యాయి. ఇప్పుడు 1,500 డాలర్లు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్స్ వేద్దామనుకుంటున్నా" అంది. ఆ 1,500 డాలర్లు ఆవిడకి మూడు నెలల సంపాదన.

పాత హెడ్‌లైన్ "ఆన్‌లైన్ తెలుగు క్లాసులు, వీకెండ్ బ్యాచ్‌లు". దాని కింద బటన్ Enroll Now. కొత్త హెడ్‌లైన్ "అమ్మమ్మతో ఫోన్‌లో మీ పిల్లలే తెలుగులో మాట్లాడాలి". బటన్ Book a Free Demo. నాకు చదవగానే కొత్తదే నచ్చింది, ఆవిడకీ అంతే. కానీ మనకి నచ్చడం వేరు, పని చేయడం వేరు.

"ఎన్ని క్లిక్కులక్కా?" అనడిగాను. పాతది ఒక వారం పెట్టింది, 150 మంది వచ్చారు, 6 క్లిక్కులు. కొత్తది తర్వాతి వారం పెట్టింది, మళ్ళీ 150 మంది, 12 క్లిక్కులు.

ఇక్కడ రెండు తప్పులున్నాయి. మొదటిది తేలిగ్గానే దొరికింది. రెండో వారంలో ఎవరో ఆవిడ లింకుని ఒక తల్లుల వాట్సాప్ గ్రూపులో వేశారు. స్నేహితురాలు చెబితే వచ్చినవాళ్ళు, గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఒకేలా ఉండరు కదా. పైగా అది స్కూళ్ళు తెరిచే సమయం. ఒక వారం ఇదీ ఒక వారం అదీ పెడితే మనం కొలిచేది హెడ్‌లైన్లని కాదు, వారాల్ని. స్ప్లిట్ టెస్ట్ అంటే ఒకే రోజు, ఒకే గంటలో వచ్చినవాళ్ళలో సగం మందికి ఇది, సగం మందికి అది, చీటీ వేసినట్టు చూపించడం.

రెండో తప్పు లెక్కలో ఉంది. జేబులోంచి ఒక క్వార్టర్ తీసి 18 సార్లు ఎగరేయండి. బొమ్మ, బొరుసు తొమ్మిది తొమ్మిది పడాలనుకుంటాం. కానీ 12-6 గానీ అంతకన్నా ఎక్కువ తేడాగా గానీ పడటం దాదాపు నాలుగింట ఒకసారి జరుగుతుంది. అంటే హెడ్‌లైన్లు రెండూ అచ్చం ఒకటే అయినా, ఇలాంటి "డబుల్" నాలుగు టెస్టుల్లో ఒకదానిలో కనిపిస్తుంది. దాన్ని నమ్మి 1,500 డాలర్లు పెట్టలేం.

ఈ విషయంలో అందరూ చెప్పే ఉదాహరణ ఒబామా 2008 ప్రచారానిది. ఈ దేశంలో ఏ మార్కెటింగ్ క్లాసుకి వెళ్ళినా వినిపిస్తుంది. 2007 డిసెంబర్‌లో డాన్ సిరోకర్ టీమ్ ఆ సైట్ మొదటి పేజీలో నాలుగు బటన్లు, ఆరు ఫొటోలు-వీడియోలు కలిపి 24 రకాలుగా పరీక్షించింది. టీమ్‌లో వాళ్ళకి బాగా నచ్చింది ఒక వీడియో. తీరా చూస్తే వీడియోలన్నీ ఫొటోలకన్నా వెనకబడ్డాయి. కుటుంబం ఫొటో, Learn More అనే బటన్ కలిసి గెలిచాయి. సైన్-అప్‌లు 8.26 శాతం నుంచి 11.6 శాతానికి పెరిగాయి. ఈ కథ వినగానే మనకీ బటన్లు మార్చాలనిపిస్తుంది. కానీ ఆ టెస్టులో పాల్గొన్నవాళ్ళు 3,10,382 మంది, ఒక్కో రకానికి 13 వేల దాకా. అక్క నెల ట్రాఫిక్‌ని 24 ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకి 25 మంది వస్తారు. అందులో క్లిక్ చేసేది ఒక్కరో, ఇద్దరో.

మన స్థాయిలో ఏది కొలవగలమో చూద్దాం. వందమందిలో నలుగురు క్లిక్ చేసే పేజీ అనుకోండి. అది నాలుగు నుంచి 4.8కి పెరిగిందా అని నమ్మకంగా తేల్చాలంటే రెండు వైపులా కలిపి సుమారు 20 వేల మంది కావాలి. అక్క సైట్‌కి అది రెండున్నరేళ్ళు దాటుతుంది. నాలుగు నుంచి ఎనిమిదికి పెరిగిందా అని తేల్చడానికి 1,100 చాలు, అంటే రెండు నెలలు. కాబట్టి తక్కువ ట్రాఫిక్ ఉన్నప్పుడు "Enroll" మార్చి "Join" పెట్టడం, బటన్ రంగు మార్చడం లాంటివి పరీక్షించి లాభం లేదు. తేడా ఉన్నా మనకి కనపడదు. హెడ్‌లైన్, బటన్ రెండూ కలిపి పూర్తిగా వేరే ఆలోచనతో మార్చి, పాతదానికి ఎదురుగా ఒక్కటే పెట్టాలి. గెలుపు హెడ్‌లైన్ వల్లా, బటన్ వల్లా అన్నది అప్పుడు తెలియదు, నిజమే. అది తర్వాతి రౌండ్‌కి వదిలేయాలి.

సగం-సగం పంచడానికి పెద్ద టూల్ అక్కర్లేదు. చాలామంది వాడిన ఉచిత గూగుల్ ఆప్టిమైజ్ 2023 సెప్టెంబర్‌లో మూతపడింది. నేను అక్క పేజీలో పెట్టింది ఇంతే:

```js
let v = localStorage.getItem("v");
if (!v) {
  v = Math.random() < 0.5 ? "A" : "B";
  localStorage.setItem("v", v);
}
if (v === "B") {
  document.querySelector("#cta").textContent = "Book a Free Demo";
}
```

హెడ్‌లైన్‌కి కూడా ఇలాంటిదే ఇంకో లైను. localStorage ఎందుకంటే, పొద్దున కొత్తది చూసినావిడ సాయంత్రం భర్తకి చూపించేటప్పటికి పాతది రాకూడదు. ఫోన్‌లో ఒకసారి, లాప్‌టాప్‌లో ఒకసారి చూస్తే ఇద్దరుగానే లెక్క పడుతుంది, దానికి మనం చేయగలిగింది లేదు. ఫారంలో ఒక దాచిన గడి పెట్టి ఆ A, B అక్షరాన్ని కూడా పంపిస్తే, ఎవరు ఏది చూసి వచ్చారో షీట్‌లో పడుతుంది. అన్నట్టు, మీ ఇంట్లోవాళ్ళ క్లిక్కులు తీసేయడం మర్చిపోకండి. అక్క లిస్టులో మొదటి మూడు క్లిక్కులు వాళ్ళబ్బాయివే!

వారం తిరిగేసరికి విజిట్ల సంఖ్య కూడా చూడాలి. 600 మంది వస్తే 310-290 మామూలే. 340-260 వచ్చిందంటే పంపకంలోనే ఏదో పాడైంది, కోడ్ సరిచేసుకుని మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి.

ఇక ఎప్పుడు ఆపాలి? జనం ఎక్కువ దెబ్బ తినేది ఇక్కడే. రోజూ షీట్ తెరిచి చూసి, మనకి నచ్చినది ముందున్న రోజున "గెలిచింది" అని ఆపేస్తాం. టాస్ వేసి మనకి నచ్చిన బొమ్మ పడేదాకా "ఇంకోసారి, ఇంకోసారి" అన్నట్టే అది. ఇవాన్ మిల్లర్ అనే ఆయన 2010లోనే ఈ జబ్బు గురించి రాశాడు. తర్వాత రోజూ చూసుకున్నా మోసపోకుండా ఉండే ఒక తేలిక పద్ధతి కూడా ఇచ్చాడు. మొత్తం ఎన్ని క్లిక్కుల దాకా ఆగుతామో ముందే రాసిపెట్టుకోవాలి. ఆ సంఖ్య వర్గమూలానికి రెండింతలు మన గీత. కొత్తది పాతదానికన్నా అన్ని క్లిక్కులు ముందుకి వెళ్ళిన క్షణాన గెలిచినట్టు. ఆ లోపు మొత్తం పూర్తయితే ఎవరూ గెలవనట్టు. వందమందిలో కొద్దిమందే క్లిక్ చేసే పేజీలకి, ట్రాఫిక్ సమానంగా పంచినప్పుడు ఇది సరిపోతుంది. ఉత్తి అదృష్టం గీత దాటే అవకాశం ఇందులో ఇరవైలో ఒకటి.

మేం 64 అనుకున్నాం. దాని వర్గమూలం 8, రెండింతలు 16. ఫ్రిజ్ మీద స్టిక్కీ నోట్ అంటించమన్నాను: "64 దాకా, లేదా 16 తేడా". పాత 18 క్లిక్కులు చెత్తబుట్టలో వేశాం. లేబర్ డే మర్నాడు మొదలైంది.

నెల తిరిగేసరికి కొత్తది 24, పాతది 12. అక్క మళ్ళీ ఫోన్. "ఇదిగో మళ్ళీ డబుల్! ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో కొడితే 95 శాతం నమ్మకం అంటోంది." కాలిక్యులేటర్ అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది, మనం ముందే అనుకున్న చోట ఒక్కసారే చూశామని నమ్మి చెప్పే జవాబు. ఆవిడ అప్పటికి రోజుకి రెండుసార్లు చొప్పున నెలంతా చూస్తోంది. తేడా 12, గీత 16. "ఫ్రిజ్ మీద ఏం రాసుందక్కా?" అన్నాను. కోపం వచ్చింది. ఆ రోజు నాక్కూడా ఆపేద్దామనే అనిపించింది, ఒప్పుకోవాలి.

అక్టోబర్ చివరికి 64 నిండాయి. కొత్తది 37, పాతది 27. తేడా పదే. ఆఖరి 28 క్లిక్కుల్లో పాతదే 15 తెచ్చుకుంది. గెలవలేదు.

గెలవలేదంటే రెండూ సమానమని కాదు. రెట్టింపు తేడా ఉండుంటే చాలావరకు ఈ పరీక్షలో బయటపడేది, కాబట్టి "డబుల్" అన్న మాట ఇక నమ్మలేం. ఇరవై శాతం తేడా ఉంటే మాత్రం 64 క్లిక్కులకి అది దొరకదు. ఉందో లేదో ఈ సైట్‌తో తేల్చలేం.

తర్వాత షీట్‌లో క్లిక్కుల్ని దాటి, ఫీజు కట్టినవాళ్ళని లెక్కపెట్టాం. Book a Free Demo నొక్కిన 37 మందిలో చేరింది ఏడుగురు. Enroll Now నొక్కిన 27 మందిలో ఎనిమిది మంది. ఏడుకీ ఎనిమిదికీ మధ్య నేనేమీ చదవను, మీరూ చదవకండి. కానీ ఒక ఖర్చు మాత్రం కళ్ళెదుట ఉంది. డెమో అంటే అక్క శనివారంలో నలభై నిమిషాలు. ఆ 37 డెమోల కోసం దాదాపు పాతిక గంటలు కేటాయించుకోవాల్సి వచ్చింది, బుక్ చేసి రానివాళ్ళ కోసం ఎదురు చూసినవి కూడా కలిపి.

"మరి ఏది ఉంచను?" అని అడిగింది. హెడ్‌లైన్ కొత్తది ఉంచమన్నాను. దానికి అదనపు ఖర్చేమీ లేదు, నష్టం చేస్తోందన్న ఆనవాలూ లేదు. బటన్ పాతదే పెట్టి, దానికెదురుగా డెమో బదులు పది నిమిషాల రికార్డు చేసిన క్లాస్ చూపించే బటన్ ఇంకోటి పెట్టాం. ఈసారి లెక్కపెట్టేది క్లిక్కులు కాదు, ఫీజులు. ఫీజులు నెలకి ఎనిమిది దాకానే వస్తాయి కాబట్టి 64 అవడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఆవిడ 36 అంది. వర్గమూలం 6, గీత 12. అయిదు నెలల్లోపు అయిపోతుంది, చాలా పెద్ద తేడా ఉంటేనే బయటపడుతుంది. యాడ్స్ డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది. కొత్త స్టిక్కీ నోట్ ఫొటో నిన్న రాత్రి పంపింది.