ఏఎంహెచ్ తక్కువైతే పిల్లలు పుట్టరా?

31 ఏళ్ల అమ్మాయికి ఏఎంహెచ్ మిల్లీలీటరుకు 0.6 నానోగ్రాములని రిపోర్టు వచ్చిందనుకోండి. ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. ఈ హార్మోన్‌ను అండాశయంలోని చిన్న చిన్న ఫాలికిల్స్ తయారుచేస్తాయి కాబట్టి, అది తగ్గితే అండాల నిల్వ తగ్గిందనే లెక్క. ఐవీఎఫ్ ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో అంచనా వేయడానికి ఇది బాగా పనికొస్తుంది. కానీ సహజంగా గర్భం రావడానికి నెలకు ఒక్క అండం చాలు. దాని నాణ్యత ప్రధానంగా వయసును బట్టి ఉంటుంది, దాన్ని ఈ పరీక్ష చెప్పలేదు. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో సంతానలేమి చరిత్ర లేని, 30 నుంచి 44 ఏళ్ల మహిళలను గమనించారు. ఏఎంహెచ్ 0.7 కన్నా తక్కువున్నవాళ్లూ దాదాపు మిగతావాళ్లలాగే గర్భం దాల్చారు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఈ అంకె తగ్గి కనిపించవచ్చు. రిపోర్టు చూసి బెంబేలెత్తే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.